దేవేంద్ర కింద ఎంతమంది

పత్తి బేళ్ల దొంతర ముందు నిలబడి దేవేంద్ర ఒక్కసారి కళ్లతో తడిమితే చాలు, అందులో ఎన్ని బేళ్లున్నాయో చెప్పేసేవాడు. నిజానికి ముందువరుస లెక్కపెట్టి, లోతును అడుగులతో అంచనా కట్టి, ఎత్తుతో గుణించి, పైన అరకొరగా ఉన్నవాటిని కలిపేవాడు. చూసేవాళ్లకు మాత్రం అదంతా ఒక్క చూపులాగే ఉండేది. లారీ డ్రైవర్లు పందెం కాసి ఓడిపోయేవాళ్లు. ఓడినవాళ్లు టీ తాగించేవాళ్లు. అలా ఊరకే తాగిన టీలు తన జీతంకన్నా ఎక్కువేమోనని దేవేంద్రే నవ్వుతూ చెప్పేవాడు.

సొంతూరు దేవనకొండ పక్కన ఒక పల్లె. నాలుగెకరాల మెట్టనేల, వాన పడితే వేరుశనగ, పడకపోతే ఏమీ లేదు. పదో తరగతి తప్పి, పంతొమ్మిదో ఏట ఆదోనికి వచ్చి, పత్తిలో గింజలు తీసి బేళ్లు కట్టే ఒక జిన్నింగ్ మిల్లులో చేరాడు. ప్రెస్సులోంచి బయటపడిన ప్రతి బేలు మీదా రేకు అచ్చు పెట్టి నల్లరంగుతో నంబరు వేయడం మొదటి పని. ఏ రెండు బేళ్లకూ ఒకే నంబరు ఉండదు. మనుషులకన్నా బేళ్లే నయం, పేర్లు కలవవు అని అతనికి అప్పట్లో ముచ్చటగా ఉండేది. రంగు వేసేవాడు గుమాస్తా అయ్యాడు. గుమాస్తా ముప్పై మూడేళ్లకు గోడౌను సూపర్‌వైజరయ్యాడు. పదకొండేళ్లు ఆ గోడౌన్లోనే గడిచిపోయాయి.

ఈ ఏడు సంక్రాంతి దాటాక మిల్లు సేటు గోడౌను స్థలాన్ని ప్లాట్లు వేసేవాళ్లకు అమ్మేశాడు. దేవేంద్రను పిలిచి ఒక అనుభవపత్రం, ఒక శాలువా చేతిలో పెట్టాడు. నలభై నాలుగేళ్లు. ఇంట్లో భార్య ఉమాదేవి, ఇంటరు చదువుతున్న కూతురు. మిగతా మిల్లులన్నీ ఉన్నవాళ్లనే తగ్గిస్తున్నాయి. మూడు నెలలు తిరిగి తిరిగి, నాలుగో నెలలో ఒక ప్రకటన కంటబడింది. ఎమ్మిగనూరు దారిలో విత్తనాలు, ఎరువులు, ఇంటి సామాన్లు నిల్వచేసి జిల్లా అంతటికీ పంపే పెద్ద గోడౌను కొత్తగా తెరిచారు. దానికి సూపర్‌వైజరు కావాలి. కనీసం ముప్పై మందిని నడిపిన అనుభవం ఉండాలి. వయసు నలభై ఐదు దాటకూడదు.

“ఇది పోతే నాకింక ఏదీ రాదు” అన్నాడు ఉమాదేవితో. ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తీసి మంచం మీద పెట్టింది.

ఆదోనిలో బయోడేటా రాయించుకుంటే సాయంత్రానికల్లా పత్తి బజారంతా తెలిసిపోతుంది. అందుకని బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, బస్టాండు ఎదుటి సందులో ఒక నెట్ సెంటరులో కూర్చున్నాడు. కంప్యూటరు ముందు శిరీష అనే అమ్మాయి. మగ్గాల ఇంటి బిడ్డ. డిగ్రీ చదివింది. ఆ ఊళ్లో ఉద్యోగాలకు పోయే సగంమంది బతుకులు ఆమె వేళ్ల మీదుగానే కాగితమెక్కుతాయి.

దేవేంద్ర తన కథంతా చెప్పబోయాడు. పల్లె, వేరుశనగ, రేకు అచ్చు.

“అవన్నీ వద్దన్నా. నువ్వు మంచోడివని ఈడ ఎవురూ సదవరు” అంది శిరీష. “ఈ కంపెనీవాళ్లు మూడే అడిగినారు సూడు. స్టాకు లెక్క ఎంత కరెక్టుగా ఉండేది, నీ కింద ఎంతమంది, ప్రమాదాలు ఎన్ని. మూడూ అంకెల్లో సెప్పు. అంకె లేని మాట రెజ్యూమేలో దండగ.”

దేవేంద్రకు ప్రాణం లేచొచ్చింది. అంకెలైతే అతని సొంత భాష. సంచిలోంచి పాత డైరీ తీశాడు.

“ఏటా బ్యాంకోళ్లు వచ్చి బేళ్లు ఎంచుతారమ్మా, అప్పు దాని మీదే కదా ఇచ్చేది. కడా ఐదేండ్ల లెక్కలు ఉండాయి నాకాడ. ఏటికి పదకొండు వేలు వేసుకో. ఐదేండ్లకు యాభై ఐదు వేలు. బుక్కుకూ గోడౌనుకూ తేడా వచ్చినవి అన్నీ కలిపి పదకొండు బేళ్లు.”

శిరీష ఫోన్లో లెక్క వేసింది. “తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది ఎనిమిది! ఏమన్నా, నువ్వు మనిషివా యంత్రానివా?”

“ఒక ఏడు ఒక్క బేలు తేడా కూడా రాలేదు. నూటికి నూరు” అన్నాడు దేవేంద్ర. అన్నాక ఎందుకో డైరీ మూసేశాడు.

“మంది?”

“నలభై రెండు మంది హమాలీలు.”

“ప్రమాదాలు?”

గోడ మీద ఫ్యాను కిర్రుమంటోంది. దేవేంద్ర దాన్నే చూస్తూ, “రిజిస్టరులో ఒక్కటీ లేదు” అన్నాడు.

“అయితే సున్నా” అంది శిరీష, టైపు చేసేసింది. మూడు అంకెలూ కాగితం నెత్తిన లావాటి అక్షరాల్లో కూర్చున్నాయి. చూస్తుంటే దేవేంద్రకు అది తన పేరుతో ఉన్న మరెవరో గొప్పవాడి కాగితంలా అనిపించింది.

అంతలో ఆ పిల్లే సేటు ఇచ్చిన అనుభవపత్రం చదివి నాలుక కరుచుకుంది. “అన్నా, ఈడ మీ గోడౌను సిబ్బంది ముగ్గురని ఉండాది కదా?”

ముగ్గురే. ఒక గుమాస్తా, ఇద్దరు కాపలావాళ్లు. జీతాల పట్టీలో ఉన్నది వాళ్లే. నలభై రెండు మంది హమాలీలు ఎవరి పట్టీలోనూ లేరు. మేస్త్రీ మనుషులను తెచ్చేవాడు, మేస్త్రీ చేతికే కూలి పోయేది. పదకొండేళ్లు పొద్దున్నే వాళ్లను పేరుపేరునా పిలిచి పనికి పెట్టింది దేవేంద్రే అయినా, కాగితం మీద వాళ్లు గోడౌనుకు ఏమీ కారు.

“ముగ్గురంటే నిన్ను గేటుకాడే పంపించేస్తారన్నా. ముప్పై మంది కావాలంట. ఆ మేస్త్రీతో ఒక లెటరు రాయించుకో. నేను టైపు కొట్టిస్తా, ఆయన సంతకం పెడితే సాలు.”

మేస్త్రీ పేరు ఉరుకుందు. దేవేంద్ర మూడేళ్లుగా ఆ ఇంటి గడప తొక్కలేదు.

మూడేళ్ల కిందటి వేసవి. మర్నాడు బ్యాంకువాళ్లు లెక్కకు వస్తారు. బుక్కులో ఉన్నదానికన్నా ఒక్క బేలు తక్కువ తేలింది. ఒక్కటి. నూటడెబ్బై కిలోల బేలు ఎలుక ఎత్తుకుపోయేది కాదు. ఒక బేలు తేడా ఉంటే బ్యాంకువాళ్లేమీ అనరు, ఏటా రెండో మూడో ఉండేవే. కాని ఆ ఏడు దేవేంద్రకు నూటికి నూరు కొట్టాలని పట్టుదల పుట్టింది. పొద్దున్నుంచి దొంతర దొంతరా వెతికించాడు. చివరికి గోడవైపు దొంతరలో, కింద రెండో వరుసలో, నంబరు లోపలికి తిరిగిన బేలు ఒకటి ఉండొచ్చని తట్టింది. ఆ నంబరు చూడాలంటే పైనుంచి ఒక్కొక్కటే దించాలి. పద్ధతి అదే. దించి మళ్లీ పేర్చడానికి రెండు గంటలు.

“పైవి దించొద్దు. నడిమిట్ల రెండు లాగితే సందు అవుతాది, తల పెట్టి సూస్తే సాలు” అన్నాడు దేవేంద్ర.

లాగారు. సందులోకి దూరింది ఉరుకుందు. ఉరుకుందుకు అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం చీకట్లో వేళ్లతో తడిమైనా చెప్పగలడు. లోపల్నుంచి ఒక్కొక్క అంకే గట్టిగా చదివాడు. చివరి అంకె చదివి, “దొరికిందన్నా!” అని అరిచాడు. ఆ అరుపు ముగియకముందే పైన నాలుగు వరుసలు పక్కకు ఒరిగాయి.

దేవేంద్రే కొక్కెం పట్టి బేళ్లు లాగాడు. దేవేంద్రే భుజాన వేసుకుని ఆటో ఎక్కించాడు. ఆటోలో ఉండగానే సేటు ఫోను చేశాడు. ఆసుపత్రిలో ఏమైందని అడిగితే, “బైపాసు కాడ బండి మీద నుంచి పడినాడు” అని రాయించింది కూడా దేవేంద్రే. కర్నూలు తీసుకుపోతే మోకాలి కింద తీసేశారు. మర్నాడు బ్యాంకువాళ్లు వచ్చి లెక్కపెట్టి, నూటికి నూరని రాసి, దేవేంద్రతో చేయి కలిపి పోయారు.

ఉరుకుందు పెళ్లాం ఉచ్చీరమ్మ లేబరాఫీసులో అర్జీ పెట్టింది. ఆఫీసరు గోడౌనుకు వచ్చి అడిగితే, “ఆ మనిషి మా దాంట్లో పని చేయడు సార్” అని దేవేంద్ర సంతకం పెట్టి చెప్పాడు. అబద్ధమని అతనికి అనిపించలేదంటే అబద్ధం. జీతాల పట్టీ చూపించాడు, అందులో నిజంగానే ఆ పేరు లేదు.

ఇప్పుడు శిరీష కొట్టిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని పెద్దకడుబూరు బస్సెక్కాడు.

ఉరుకుందు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని వేరుశనగకాయలు వలుస్తున్నాడు. పక్కన కట్టెకాలు గోడకు ఆనించి ఉంది. దేవేంద్రను చూసి లేవబోయి, లేవలేక, నవ్వేశాడు.

“సూపర్‌వైజరన్నా! యాడ పొద్దు పొడిచింది ఈ పొద్దు? ఓమ్మే, ఎవురొచ్చినారో సూడు!”

ఉచ్చీరమ్మ బయటికి వచ్చింది. చూసింది. చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది.

దేవేంద్ర విషయం చెప్పాడు. గోడౌను పోయింది, పని లేదు, కూతురి చదువు, కొత్త కంపెనీ. నలభై రెండు మంది తన కింద పనిచేశారని మేస్త్రీగా ఒక్క ముద్ర వేస్తే చాలు.

“ఇంతేనా? దీనికి ఇంత దూరం వచ్చినావా? ఫోను సేస్తే నేనే వస్తాంటిని” అన్నాడు ఉరుకుందు.

“ఒంటికాలితో యాడికి వస్తాంటివి?” అంది ఉచ్చీరమ్మ. తర్వాత దేవేంద్ర వైపు తిరిగింది. “ఏమన్నా, ఆ కాగితంలో మా ఆయన నీ గోడౌన్లో మేస్త్రీ అని ఉండాదా?”

“ఉండాది.”

“ఎనిమిదేండ్లు పని సేసినాడని?”

“... ఉండాది.”

“మూడేండ్లాయ, నేను లేబరాఫీసు సుట్టూ తిరగబట్టి. మీ ఆయన ఆడ పని సేసినట్టు ఒక్క కాగితం తే అమ్మా అంటారు. ఒక్క కాగితం! దొర మాదిరి నువ్వే తెచ్చినావు ఇప్పుడు, నీ అవసరానికి.” ఆమె నవ్వింది. “మంగళారం వాయిదా ఉండాది. ఇదే కడా వాయిదా అన్నారు. దీని నకలు నాకియ్యి. ముద్ర ఏపిచ్చుకో.”

“ఊరుకో మే” అన్నాడు ఉరుకుందు. “ఆ పొద్దు నన్ను ఎత్తుకొని పోయింది అన్నే. సేటు సెప్పమన్నాడు, అన్న సెప్పినాడు. జీతగాడు ఏం సేస్తాడు?”

“నకలు” అంది ఆమె.

నకలు ఆమె చేతికి పోతే మంగళవారం అది లేబరాఫీసు బల్ల మీద ఉంటుంది. ఇంటర్వ్యూ అంతకు నాలుగు రోజుల ముందు, ఈ శుక్రవారం. ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు. దేవేంద్ర ఒక చిన్న లెక్క వేసుకున్నాడు. “ముందు ఉద్యోగం రానీ తల్లీ. శుక్రారం కాగితం వాళ్లకు సూపించి, సాయంత్రానికి అసలుదే నీకు తెచ్చిస్తా. నకలు ఎందుకు?”

ఆమె అరుగు మీది చెంబు తీసుకుంది. “నీ బిడ్డ మీద ఒట్టు ఏయమనను. ఆడపిల్ల. ఊరికే మాట ఇయ్యి.”

దేవేంద్ర మాటిచ్చాడు.

ఉరుకుందు బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, ముద్ర కింద తన ఫోను నంబరు పది అంకెలూ గుండ్రంగా రాశాడు. ఎక్కడ వేలిముద్ర వేసినా అతనికది అలవాటు. వేలు అందరికీ ఉంటుంది, అంకెలే తన సంతకం అంటాడు. దేవేంద్ర ఆ అలవాటు ఎనిమిదేళ్లు చూసినవాడే. ఆ రోజు దాన్ని చూసీ చూడనట్టే కాగితం మడిచాడు.

శుక్రవారం కొత్త గోడౌను ఆఫీసులో ఇంటర్వ్యూ చేసినతను కళ్యాణ్. ముప్పై రెండేళ్లుంటాయేమో, కర్నూలు మనిషి. ఎండకు కందని ముఖం, మర్యాద గల గొంతు.

“తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఎనిమిది. ఇది బేళ్ల సంఖ్యను బట్టా, బరువును బట్టా?”

“సంఖ్య సార్. బరువుతో పత్తి లెక్క నిలవదు. చలికాలం కట్టిన బేలు ఎండలకు ఆరి తేలికైతాది, వానలకు మళ్లీ తేమ పట్టి బరువైతాది. బరువును నమ్మితే ఉన్న బేలును పోయిందంటాం, పోయినదాన్ని ఉందంటాం. అందుకే నంబరు నంబరుకు టిక్కు పెట్టేది. బరువు ఏరే పుస్తకం.”

కళ్యాణ్ తలెత్తి చూశాడు. “ఈ మాట చెప్పినవాళ్లలో మీరే మొదటివారు. పొద్దుట్నుంచి ఆరుగుర్ని చూశాను.”

దేవేంద్రకు చాలా కాలానికి తన పని తెలిసినవాడు దొరికినట్టయింది. తేడా వస్తే ఏం చేస్తారంటే, ఆ దొంతరను మరో మనిషితో మళ్లీ లెక్కపెట్టించి, రెండు లెక్కలూ కలవకపోతే తాను మూడోసారి లెక్కపెడతానని చెప్పాడు. ఎరువులూ పురుగుమందులూ ఒకచోట పెట్టకూడదన్నాడు. పాత సరుకు ముందు పోయేలా పేర్చాలన్నాడు. అన్నిటికీ కళ్యాణ్ తలూపాడు.

“మంది నలభై రెండు. మీ సేటు పత్రంలో ముగ్గురని ఉంది.”

దేవేంద్ర మేస్త్రీ కాగితం ముందుకు జరిపాడు. కళ్యాణ్ చదివాడు. వేలిముద్ర కిందున్న నంబరు చూశాడు. “మంచిది. నంబరు కూడా ఇచ్చారు. అడిగితే సరిపోతుంది కదా” అంటూ ఫోను తీసి, నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

దేవేంద్ర నోరు తెరిచేలోపే అవతల ఎత్తారు.

“ఎవురప్పా?”

“ఉరుకుందు గారేనా? కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. దేవేంద్ర గారు మా దగ్గరికి ఉద్యోగానికి వచ్చారు. ఆయన కింద ఎంతమంది పనిచేసేవాళ్లు?”

“నలభై రెండు మంది సార్! పేర్లు సెప్పమంటారా?” గొంతు సంబరంగా ఉంది. “దేవేంద్రన్న మాదిరి సూపర్‌వైజరు మీకు ఈ చుట్టుపక్కల దొరకడు సార్. ఒక్క బేలు పోయినా నిద్రపోడు.”

“మనుషుల్ని జాగ్రత్తగా చూసుకునేవారా?”

దేవేంద్ర బల్ల అంచు పట్టుకున్నాడు.

“అయ్యో, ఎంత మాట సార్! నా మీద బేళ్లు పడినపొద్దు అందరూ అరుచుకుంటా నిలబడినారు. దేవేంద్రన్న ఒక్కడే లాగి తీసి, నన్ను భుజం మీద ఏసుకొని ఆసుపత్రికి పోయినాడు. చొక్కా అంతా నెత్తురే. అన్న లేకుంటే కాలు ఒక్కటే కాదు, నేనే పోతాంటి. రాసుకోండి సార్, నేను సెప్పినానని రాసుకోండి. ఆ ఉద్యోగం అన్నకు ఇయ్యండి.”

కళ్యాణ్ థాంక్స్ చెప్పి పెట్టేశాడు. అతను రెజ్యూమే నెత్తిన మూడో అంకె మీద పెన్ను ఆనించాడు. సున్నా.

“కాలు పోయిందా?”

“మోకాలి కింద సార్.”

“ఎవరి తప్పు?”

దేవేంద్ర మూడేళ్లలో ఎవరికీ చెప్పని మాట ఆ కుర్రవాడికి చెప్పాడు. “నాదే. నడిమిట్ల లాగమన్నది నేనే.” చెప్పాక లేచి నిలబడ్డాడు, సంచి అందుకున్నాడు. ఉద్యోగం పోయిందని అతనికి తెలిసిపోయింది. ఒక పక్క ప్రాణం కొట్టుకుంటున్నా, ఇంకో పక్క గుండెల మీద నుంచి ఏదో దిగినట్టు కూడా ఉంది.

“కూర్చోండి” అన్నాడు కళ్యాణ్. “ఇక్కడ సున్నా అని రాశారు. అంటే రిజిస్టరులో ఎక్కలేదు. ఎలా?”

“సార్?”

“కాలు పోయిన కేసు. ఆసుపత్రి, పోలీసు, లేబరాఫీసు. ఇన్నిటిని దాటుకుని రిజిస్టరు తెల్లగా ఉందంటే ఎవరో చూసుకున్నారు కదా. ఎవరు?”

దేవేంద్ర నెమ్మదిగా కూర్చున్నాడు. చెప్పాడు. బైపాసు, బండి, జీతాల పట్టీ, లేబరాఫీసరు ముందు పెట్టిన సంతకం. కళ్యాణ్ మధ్యమధ్యలో చిన్న ప్రశ్నలు వేశాడు. బరువు, తేమ గురించి అడిగినంత శ్రద్ధగానే అడిగాడు.

“చూడండి దేవేంద్ర గారూ. మాకిక్కడ అరవై మంది హమాలీలుంటారు. అందరూ కాంట్రాక్టరు మనుషులు. జీతాల పట్టీలో మీ కింద ఉండేది ముగ్గురే. పై ఆఫీసుకు ప్రతి నెలా నేను పంపే కాగితంలో మొట్టమొదటి గడి ప్రమాదాలది. అందులో సున్నా తప్ప ఇంకేది ఉన్నా నా పని అయిపోతుంది. స్టాకు లెక్క తెలిసినవాళ్లు దొరుకుతారు. రెండూ తెలిసినవాళ్లు దొరకరు.” రెజ్యూమేను తిప్పి దేవేంద్ర వైపు జరిపాడు. “ఒక్కటే లోపం. ఈ నలభై రెండూ, ఈ సున్నా ఒకే కాగితం మీద నిలవవు. నలభై రెండు మంది మీవాళ్లయితే ఆ కాలు కూడా మీదే. ముగ్గురైతే సున్నా నిజమే. ముగ్గురని మార్చి సాయంత్రంలోగా పంపండి. ముప్పై మంది నిబంధన సంగతి నేను ఫోన్లో మాట్లాడుకుంటాను. సోమవారం చేరండి.”

మేస్త్రీ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కిచ్చాడు. “ఇది మా ఫైల్లో ఉండకూడదు. మీ దగ్గర కూడా ఉండకపోతే మంచిది. మా సూపర్‌వైజరు పేరు లేబరాఫీసులో వినపడకూడదు.”

నెట్ సెంటరులో శిరీష, “ముగ్గురా? నలభై రెండుకు ఎంత తిరిగితివి అన్నా!” అని ఆశ్చర్యపోయింది. రెండంకెలు చెరిపి ఒక్క అంకె కొట్టడానికి క్షణం పట్టింది. “పాత ఫైలు ఉంచాల్నా?”

“తీసేయి.”

“మేస్త్రీ లెటరు కూడా ఉండాది ఈడ.”

“అదీ తీసేయి తల్లీ.”

ఆమె తీసేసింది. చేతిలో ఉన్న అసలు కాగితాన్ని దేవేంద్ర బస్టాండులో నాలుగు ముక్కలు చేశాడు. వేలిముద్ర ఒక ముక్కలోకి, అంకెలు ఇంకో ముక్కలోకి పోయాయి. మురికికాలవ నీళ్లలో వేసి, అవి తడిసి మునిగేదాకా నిలబడ్డాడు. మునగడానికి అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పట్టింది.

ఆదోని బస్సులో ఉండగా ఫోను మోగింది.

“వచ్చిందా అన్నా?” ఉరుకుందు.

“వచ్చింది.”

“నేను సెప్పలేదా! ఓమ్మే, వచ్చిందంట! బాగా సెప్పినానా అన్నా నేను? ఇంగా సెప్తాంటి, ఆ సారు పెట్టేసినాడు.”

“బాగా సెప్పినావు ఉరుకుందూ.”

“ఆడ నంబర్లు సదివే పని యాదైనా ఉంటే సూడన్నా. కూర్చోని సదువుతా. కండ్లు బాగనే ఉండాయి కదా నాకు.”

దేవేంద్ర చూస్తానన్నాడు. ఫోను చేతులు మారింది.

“కాగితం ఎప్పుడు తెస్తావన్నా?” ఉచ్చీరమ్మ గొంతు.

“కంపెనీవాళ్లు పెట్టుకున్నారమ్మా. ఎనిక్కి ఇయ్యరంట.”

“పోనీ, నలభై రెండు మంది అంటే వాళ్లు నమ్మినారు కదా? మంగళారం నువ్వే వచ్చి ఆ మాటే ఆఫీసరు ముందర సెప్పు. నోటి మాట సాలు.”

“మంగళారం నాకు డ్యూటీ ఉంటాది.”

బస్సు గతుకులో పడి లేచింది.

“ఆడ నీ కింద ఎంతమందన్నా?” అని అడిగింది ఉచ్చీరమ్మ.

“... ముగ్గురు.”

“ముగ్గురేనా బరువులు మోసేది?”

“కాదు. మోసేటోళ్లు కాంట్రాక్టరు మనుషులు.”

“అట్లనా” అందామె. “అంతమంది మధ్యలో మళ్లా ఎవురూ నీవాళ్లు కాదన్నమాట.” ఫోను పెట్టేసింది.

మంగళవారం పదకొండు గంటలకు ఆదోని లేబరాఫీసులో ఉరుకుందు పేరు పిలిచారు. కట్టెకాలు టకటకలాడిస్తూ లోపలికి పోయాడు. పనిచేసినట్టు ఆధారం ఉందా అని అడిగారు. కొత్త కంపెనీ సారుకు ఫోన్లో చెప్పానని, కావాలంటే అడగమని అన్నాడు. ఆ నంబరు కలపలేదు. ఆధారం లేనందున అర్జీ కొట్టివేయడమైనదని రాసిన కాగితం మీద వేలిముద్ర తీసుకున్నారు. ఉరుకుందు ముద్ర వేసి, పెన్ను అడిగి, కింద పది అంకెలూ రాశాడు.

అదే పదకొండు గంటలకు దేవేంద్ర కొత్త గోడౌన్లో నీలం కోటు తొడుక్కుని, స్కానరు పట్టుకుని ఎరువుల బస్తాలు లెక్కపెడుతున్నాడు. ఎంట్రీ ప్రకారం నాలుగు వేల రెండు వందలు. ఒక్కటి తక్కువ వచ్చింది. కాంట్రాక్టరు మనుషుల్లో ఒకడు, పేరు గిడ్డయ్య, మూలనున్న దొంతర సందులోకి తల పెట్టి, “అన్నా, లోపల ఒకటి పడినట్టుండాది. దూరి సూసేదా?” అని అడిగాడు.

దేవేంద్ర అతని వైపు చూశాడు. పైనున్న బస్తాలను ఒక్కొక్కటే దించమని చెప్పడానికి నోరు తెరిచాడు. అద్దాల గదిలోంచి కళ్యాణ్ వాచీ చూపించి, లారీ నిలబడి ఉందని సైగ చేశాడు.

“బిరీన సూసి వచ్చేయ్” అన్నాడు దేవేంద్ర.